46 ఉన్నా డౌన్ సిండ్రోమే: రక్తం కల్చర్ చేసి, బ్యాండ్లు చదివి కార్యోటైప్ తేల్చే పద్ధతి

నెల వయసున్న బాబు. కళ్ల తీరు, మెత్తటి కండరాలు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత చూసి పిల్లల డాక్టర్ డౌన్ సిండ్రోమ్ అని అనుమానించి రక్తం పంపారు. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లు పది కణాలు లెక్కపెట్టి, "అన్నింట్లోనూ 46 క్రోమోజోములే ఉన్నాయి, నార్మలే కదా?" అని అడుగుతారు. 1959లో లెజోన్ బృందం డౌన్ సిండ్రోమ్‌లో 47 క్రోమోజోములు ఉంటాయని చూపినప్పటి నుంచి పాఠ్యపుస్తకం చెప్పేది అదే. కానీ ఆ మరుసటి ఏడాదే, 1960లో, పొలానీ బృందం 46 క్రోమోజోములే ఉన్న డౌన్ సిండ్రోమ్ పాపను వర్ణించింది. అంటే లెక్క సరిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఏ ముక్క ఎక్కడ అతుక్కుందో చూడాలి. దాన్ని చూపించేవి రంగు వేస్తే క్రోమోజోము మీద తేలే ముదురు, లేత పట్టీలు, అంటే బ్యాండ్లు.

ఈ బాబు కేసును పట్టుకునే, రక్తం ట్యూబు దగ్గర నుంచి రిపోర్టు దాకా వెళ్దాం. బ్యాండ్లు బాగా రావడం, రాకపోవడం చాలావరకు మైక్రోస్కోపు ముందు కూర్చోక ముందే తేలిపోతుంది కాబట్టి ముందు దశల మీదే ఎక్కువసేపు ఆగుతాను.

రక్తం ఏ ట్యూబులో వచ్చిందో ముందు చూడండి

కావాల్సింది సోడియం హెపారిన్ ట్యూబు. పెద్దవాళ్లకు 3 నుంచి 5 మిల్లీలీటర్లు, పసిపిల్లలకు 1 లేదా 2 మిల్లీలీటర్లు చాలు. రక్త కణాల లెక్క కోసం వాడే ఈడీటీఏ ట్యూబులో పంపితే చిక్కే. ఈడీటీఏ రక్తంలోని కాల్షియంను పట్టేస్తుంది. గడ్డకట్టకుండా ఆపడానికి అది బాగానే ఉంటుంది కానీ, మనకు కణాలు బతికి ఉండాలి, విభజన చెందాలి. కాల్షియం లేకుండా అవి సరిగా విభజన చెందవు. డీఎన్ఏ తీసే పనికైతే చచ్చిన కణమైనా ఫరవాలేదు, కార్యోటైప్‌కు, అంటే క్రోమోజోములన్నింటినీ వరసగా పేర్చి చూడటానికి మాత్రం బతికున్న కణమే కావాలి. ఈ ఒక్క తేడా గుర్తుంటే ట్యూబు ఎంపిక, రవాణా, నిల్వ అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. శాంపిల్‌ను ఫ్రీజ్ చేయకూడదు, ఎండలో పెట్టకూడదు, వీలైతే 24 గంటల్లో, ఆలస్యమైతే 48 గంటల్లోపు కల్చర్ పెట్టాలి.

రక్తం తీయగానే ట్యూబును నెమ్మదిగా ఐదారుసార్లు తలకిందులు చేయాలని తీసేవాళ్లకు చెప్పండి. హెపారిన్ కలవక చిన్న చిన్న గడ్డలు వస్తే, మనం పెంచాల్సిన తెల్లకణాలు, అంటే లింఫోసైట్లు, వాటిలోనే ఇరుక్కుపోతాయి. ఈ మధ్య బాబుకు రక్తం ఎక్కించారా అన్నది కూడా అడగాలి. దాత తెల్లకణాలు కల్చర్‌లో పెరిగితే, మనం చదివేది వేరే మనిషి కార్యోటైప్ అవుతుంది.

కల్చర్: నిద్రపోతున్న కణాన్ని లేపడం

రక్తంలో తిరిగే లింఫోసైట్ మామూలుగా విభజన చెందదు. దాన్ని లేపడానికి రాజ్మా గింజల నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ వాడతాం. ల్యాబులో అందరూ దాన్ని పీహెచ్ఏ అనే అంటారు. మొదట ఎర్రకణాలను ముద్దలుగా చేసి తీసేయడానికే దీన్ని వాడేవాళ్లు. అది లింఫోసైట్లను విభజనకు పురిగొల్పుతుందని నోవెల్ 1960లో గుర్తించారు. ఈ పద్ధతి మొత్తం ఆ గమనింపు మీదే నిలబడింది. పీహెచ్ఏ ముఖ్యంగా టీ లింఫోసైట్లనే లేపుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చదివేటప్పుడు ఇది మళ్లీ అవసరమవుతుంది.

లామినార్ ఫ్లో హుడ్ కింద, ఒక స్టెరైల్ ట్యూబులో 5 మిల్లీలీటర్ల మీడియం తీసుకోండి. సాధారణంగా ఆర్‌పీఎంఐ 1640 మీడియంలో 10 నుంచి 20 శాతం ఫీటల్ బొవైన్ సీరమ్, గ్లూటమిన్, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఉంటాయి. దానికి 0.1 మిల్లీలీటర్ పీహెచ్ఏ కలపండి. తయారీని బట్టి మోతాదు మారుతుంది, కాబట్టి కొత్త సీసా తెరిచినప్పుడల్లా తెలిసిన నార్మల్ రక్తంతో పరీక్షించాలి. చివర్లో 0.4 లేదా 0.5 మిల్లీలీటర్ రక్తం వేసి, మెల్లగా కలిపి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 72 గంటలు ఉంచండి. రక్తం ఎక్కువ వేస్తే కణాలు ఎక్కువ వస్తాయనుకోవడం పొరపాటు. ఎర్రకణాలు గుంపుగా చేరి మీడియంను త్వరగా ఆమ్లంగా మారుస్తాయి, లింఫోసైట్లు నలిగిపోతాయి. ప్రతి రోగికీ కనీసం రెండు కల్చర్లు, విడివిడిగా పెట్టాలి. ఒకటి పాడైతే రెండోది ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఒక కల్చర్‌లో కనిపించిన మార్పు నిజమైనదా, ఆ ట్యూబులోనే పుట్టిందా అని తేల్చడానికి రెండోది సాక్ష్యం అవుతుంది.

రోజుకోసారి ట్యూబును మెల్లగా కదిపి, రంగు చూడండి. మీడియం ఒకటి రెండు రోజుల్లోనే పసుపు రంగులోకి మారి, మబ్బుగా ఉంటే బాక్టీరియా చేరినట్టే.

హార్వెస్ట్: ఆపు, ఉబ్బించు, ఫిక్స్ చెయ్యి

క్రోమోజోములు విడివిడిగా కనిపించేది కణ విభజనలో మెటాఫేజ్ అనే దశలోనే. కణాలను అక్కడ ఆపడానికి కోల్సెమిడ్ వేస్తాం. అది స్పిండిల్ తంతువులు ఏర్పడకుండా అడ్డుకుంటుంది. లాగే తాడు లేకపోతే క్రోమోజోములు ఉన్నచోటే ఆగిపోతాయి. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములున్న స్టాక్ నుంచి 50 మైక్రోలీటర్లు తీసి 5 మిల్లీలీటర్ల కల్చర్‌లో వేస్తే, చివరి గాఢత మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రామ్ అవుతుంది. 20 నుంచి 30 నిమిషాలు ఉంచితే చాలు. ఇక్కడే ఆశకు పోకూడదు. గంటన్నర ఉంచితే మెటాఫేజ్‌లు బోలెడు దొరుకుతాయి కానీ, క్రోమోజోములు ముడుచుకుని పొట్టిగా, లావుగా అయిపోతాయి. పక్కపక్కనున్న రెండు మూడు బ్యాండ్లు ఒకటిగా కలిసిపోతాయి. కణాలు తక్కువైనా క్రోమోజోములు పొడుగ్గా ఉన్న స్లయిడే నాకిష్టం.

తర్వాత నిమిషానికి 1000 తిరుగుళ్లతో 8 నుంచి 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేలిన ద్రవాన్ని తీసేసి, అడుగున అర మిల్లీలీటర్ మిగల్చండి. కణాల ముద్దను వేలితో తట్టి విడదీయండి. ఇప్పుడు హైపోటానిక్ ద్రావణం. ఇది 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్, అంటే లీటరు నీటికి 5.6 గ్రాములు. ముందే 37 డిగ్రీలకు వెచ్చబెట్టిన దాన్ని చుక్కచుక్కగా, కలుపుతూ, 8 మిల్లీలీటర్ల దాకా వేసి, 15 నుంచి 20 నిమిషాలు ఇంక్యుబేటర్‌లో ఉంచండి. కణం లోపల లవణాలు ఎక్కువ, బయట తక్కువ. అందుకని నీరు లోపలికి చొరబడుతుంది, కణం బుడగలా ఉబ్బుతుంది, ఎర్రకణాలు పగిలిపోతాయి, క్రోమోజోములకు చెదరడానికి చోటు దొరుకుతుంది.

ఈ దశ పుట్టింది ఒక పొరపాటు నుంచి. 1950ల మొదట్లో టి.సి. సూ ల్యాబులో ఎవరో కణాలు కడిగే ఉప్పునీరు తప్పుగా, పలుచగా కలిపారు. ఆ రోజు స్లయిడ్లలో క్రోమోజోములు మునుపెన్నడూ లేనంత చక్కగా విడివడి కనిపించాయి. ఆ కిటుకు అందుబాటులోకి వచ్చాక, 1956లో టియో, లెవాన్ మనిషి క్రోమోజోములు 46 అని తేల్చారు. అప్పటిదాకా 48 అనే అనుకునేవాళ్లు.

ఫిక్సేటివ్ మూడు పాళ్ల మిథనాల్, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం. రోజూ తాజాగా కలపాలి, ఎందుకంటే రెండూ నిలవుంటే ఒకదానితో ఒకటి చర్య జరుపుతాయి, గాల్లోని తేమ కూడా చేరుతుంది. మొదట హైపోటానిక్‌లోనే పది చుక్కలు వేసి కలిపి సెంట్రిఫ్యూజ్ చేయండి. తర్వాత ముద్దను పూర్తిగా విడదీసి, తాజా ఫిక్సేటివ్‌ను చుక్కచుక్కగా, ట్యూబును ఆపకుండా కదుపుతూ వేయండి. నేను మొదట్లో తొందరపడి ఒకేసారి 3 మిల్లీలీటర్లు పోసేశాను. పగిలిన ఎర్రకణాల హీమోగ్లోబిన్ అంతా గడ్డకట్టి, కాఫీ రంగు జెల్లీలా తయారై, లింఫోసైట్లను తనలోనే బంధించేసింది. మూడు రోజుల కల్చర్ అరనిమిషంలో పోయింది. మొదటి ఫిక్సేటివ్‌తో రంగు ముదురు గోధుమకు మారడం మామూలే. రెండో, మూడో కడుగుడుకు పైనున్న ద్రవం నీళ్లలా తేటగా, కింది ముద్ద తెల్లగా రావాలి. రాకపోతే మరోసారి కడగండి.

స్లయిడ్ వేయడం, ఒక రాత్రి ఆగడం

కడిగిన ముద్దను పలుచటి పాల రంగు వచ్చేలా కొద్ది ఫిక్సేటివ్‌లో కలిపి, శుభ్రమైన తడి స్లయిడ్ మీద పాశ్చర్ పిపెట్‌తో రెండు మూడు చుక్కలు వేయాలి. అందరూ ఎంత ఎత్తు నుంచి వేయాలని అడుగుతారు. ఎత్తు కంటే ఎంత వేగంగా ఆరుతుందన్నదే ముఖ్యం. గదిలో తేమ తక్కువై, త్వరగా ఆరితే క్రోమోజోములు చెదరవు, చుట్టూ సైటోప్లాజం తెరలా మిగులుతుంది. ఆ తెర ఉన్నచోట బ్యాండ్లు రావు. మరీ మెల్లగా ఆరితే కణం పగిలి, క్రోమోజోములు పక్క కణాల్లోకి చెదిరిపోతాయి. అప్పుడు ఒకచోట 45, పక్కన 47 లెక్కొచ్చి టెన్షన్ పెడతాయి. గది తేమ 50 శాతం దరిదాపుల్లో ఉంటే పని సాఫీగా సాగుతుంది. మొదటి స్లయిడ్‌ను ఫేజ్ కాంట్రాస్ట్ కింద చూసి, తేమను, చుక్కలను సరిచేసుకుని, ఆ తర్వాతే మిగతావి వేయండి.

అప్పుడే వేసిన స్లయిడ్ మీద, బ్యాండ్ల కోసం వాడే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పనిచేస్తే క్రోమోజోములు ఉబ్బి చెదిరిపోతాయి. 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి స్లయిడ్‌ను కాస్త ముదరనివ్వాలి.

జీ-బ్యాండింగ్

మేరినా సీబ్రైట్ 1971లో ప్రచురించిన ట్రిప్సిన్ పద్ధతే, చిన్నచిన్న మార్పులతో, ఇప్పటికీ నడుస్తోంది. సెలైన్‌లో కలిపిన 0.025 శాతం ట్రిప్సిన్‌లో స్లయిడ్‌ను 20 నుంచి 40 సెకన్లు ముంచాలి. వెంటనే చల్లటి సెలైన్‌లో కడిగితే చర్య ఆగిపోతుంది. తర్వాత పీహెచ్ 6.8 బఫర్‌లో కలిపిన 5 శాతం గీమ్సా రంగులో 5 నిమిషాలు ఉంచి, కడిగి ఆరబెట్టాలి. సెకన్లను పుస్తకం చూసి కాదు, ఆ రోజు ఆ స్లయిడ్ చూసి నిర్ణయించాలి. ఒక స్లయిడ్ మీద 20 సెకన్లు, ఇంకోదాని మీద 35 సెకన్లు ప్రయత్నించి పోల్చండి.

ట్రిప్సిన్ చాలకపోతే క్రోమోజోము మొత్తం ఒకే ముదురు ఊదా రంగులో ఉంటుంది, అంచులు పదునుగా ఉన్నా లోపల గీతలు కనిపించవు. ఎక్కువైతే పాలిపోయి, అంచులు నూలుపోగుల్లా విడిపోయి, దయ్యంలా తెల్లగా తేలుతుంది. మధ్యలో ఉన్నప్పుడు ఒకే క్రోమోజోముపై ముదురు, లేత పట్టీలు ఒకదాని పక్కన ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి. ముదురు పట్టీల్లో అడెనిన్, థైమిన్ ఎక్కువ, జన్యువులు తక్కువ. లేత పట్టీల్లో గ్వానిన్, సైటోసిన్ ఎక్కువ, జన్యువులూ ఎక్కువ. పట్టీల ఈ వరస ఏ క్రోమోజోముకు ఆ క్రోమోజోముకు ప్రత్యేకం, మనిషి మనిషికీ దాదాపు ఒకటే. బట్టల దుకాణంలో ప్యాకెట్ మీది బార్ కోడ్ లాంటిది. పొడవు ఒకేలా ఉన్న రెండు క్రోమోజోములను విడదీసేది ఇదే.

చదవడం

మామూలు కేసుకు 20 మెటాఫేజ్‌లు లెక్కపెడతాం. వాటిలో కనీసం ఐదింటిని పట్టీ పట్టీ పోల్చి చదువుతాం, రెండు మూడింటిని వరుసలో పేర్చి కార్యోటైప్ తయారుచేస్తాం. 20 కణాలూ ఒకేలా ఉంటే, 14 శాతం లేదా అంతకంటే ఎక్కువ కణాల్లో ఉండే మోజాయిసిజం, అంటే ఒకే మనిషిలో రెండు రకాల కార్యోటైప్ కణాలు కలిసి ఉండటం, లేదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అంతకంటే తక్కువ శాతం వెతకాలంటే 30, 50 కణాలు చూడాలి. బ్యాండింగ్ నాణ్యతను అర సెట్టులో కనిపించే మొత్తం పట్టీల సంఖ్యతో కొలుస్తారు. పుట్టుకతో వచ్చే లోపాలకు 550 దరిదాపుల్లో రావాలి. 400 కంటే తగ్గితే సంఖ్య లోపాలు, పెద్ద అతుకులు తప్ప మిగతా వాటి గురించి నేను గట్టిగా మాట్లాడను.

ఇక్కడ మనకు కావాల్సింది కొన్ని క్రోమోజోముల గుర్తులు మాత్రమే. 13, 14, 15 మూడూ ఒకే పరిమాణం, మూడింటికీ సెంట్రోమియర్, అంటే పొట్టి, పొడవు భుజాలు కలిసే నడుము, ఒక కొసన ఉంటుంది, అందుకే వాటిని డీ గ్రూపు అన్నారు. రంగు మాత్రమే వేసిన కాలంలో వాటిని విడదీయలేకపోయేవాళ్లు. బ్యాండ్లతో చూస్తే 13కు పొడవు భుజం కింది సగం ముదురు. 14కు ముదురు పట్టీ ఒకటి సెంట్రోమియర్ దగ్గర, మరొకటి కింది వైపు విడిగా ఉంటుంది. 15కు పై సగం ముదురు, కింది సగం లేత. అలాగే 21, 22 రెండూ చిన్నవే. 21కి సెంట్రోమియర్‌కు కాస్త దిగువన ఒక లావుపాటి నల్లటి పట్టీ, దాని కింద లేత కొస. 22 మాత్రం పాలిపోయినట్టుంటుంది, సెంట్రోమియర్ దగ్గర నలుపు, మధ్యలో ఒక సన్నటి బూడిదరంగు పట్టీ. వీటిని రోజూ చూసేవాళ్లకు అరక్షణంలో తెలుస్తుంది, కొత్తవాళ్లకు ఒక నెల పడుతుంది.

బాబు కణాల్లో ఏం కనిపించింది

మొదట గ్రూపుల వారీగా లెక్క చూద్దాం. మగవాళ్లలో డీ గ్రూపులో 6, మధ్య పరిమాణంలో ఉండే 6 నుంచి 12 దాకా క్రోమోజోముల సీ గ్రూపులో ఎక్స్‌తో కలిపి 15 ఉండాలి. ఇక్కడ డీలో 5, సీలో 16 కనిపిస్తున్నాయి. మొత్తం 46కి లోటు లేదు, కానీ ఒక డీ క్రోమోజోము తగ్గి, సీ పరిమాణంలో ఒకటి పెరిగింది. 1960లో బ్యాండ్లు లేకుండా చూసినవాళ్లకు అందిన సాక్ష్యం కూడా ఇంతవరకే.

ఇప్పుడు పట్టీలు చదువుదాం. 13లు రెండూ ఉన్నాయి. 15లు రెండూ ఉన్నాయి. 14 ఒక్కటే ఉంది. 21లు రెండూ ఉన్నాయి, 22లు రెండూ ఉన్నాయి. సీ పరిమాణంలో ఉన్న ఆ అదనపు క్రోమోజోమును నిలబెట్టి చూడండి. సెంట్రోమియర్ కింద పొడవు భుజంలో ముదురు పట్టీ దగ్గరలో ఒకటి, కింది వైపు ఒకటి, అచ్చం 14. సెంట్రోమియర్ పైన, మామూలుగా చిన్న బొడిపెల్లాంటి పొట్టి భుజం ఉండాల్సిన చోట, ఒక లావుపాటి నల్లటి పట్టీ, దానిపైన లేత కొస. తలకిందులుగా నిలబెట్టిన 21 అది. అతుక్కున్నది 22 అయితే అక్కడ పాలిపోయి ఉండేది.

అంటే బాబుకు 14 పొడవు భుజాలు రెండు ఉన్నాయి, ఒకటి విడిగా, ఒకటి అతుకులో. 21 పొడవు భుజాలు మాత్రం మూడు, రెండు విడిగా, ఒకటి అతుకులో. లెక్కకు 46, సరుకుకు 47. డౌన్ సిండ్రోమ్‌కు ప్రధానంగా కారణమయ్యే భాగం 21 పొడవు భుజం కొసన ఉండే లేత పట్టీల్లోనే ఉంటుంది. అది మూడుసార్లు ఉంది. ఇరవై కణాల్లోనూ, రెండు కల్చర్లలోనూ ఇదే. రిపోర్టులో అంతర్జాతీయ నామకరణం ప్రకారం ఇలా రాస్తాం:

```
46,XY,der(14;21)(q10;q10),+21
```

ముందు మొత్తం సంఖ్య, తర్వాత లింగ క్రోమోజోములు. `der(14;21)` అంటే ఆ రెండూ కలిసి ఏర్పడ్డ క్రోమోజోము. `q10` అంటే పొడవు భుజం సెంట్రోమియర్ వైపు కొస, రెండూ అక్కడ కలిశాయని. చివరి `+21` మామూలు 21 ఒకటి అదనంగా ఉందని చెబుతుంది. ఇలా రెండు కొస-సెంట్రోమియర్ క్రోమోజోములు పొడవు భుజాలతో కలిసిపోవడాన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం మందికి 21 విడిగా మూడుంటాయి. ఇలాంటి అతుకు వల్ల వచ్చేవాళ్లు 3 నుంచి 4 శాతం.

మోసపోయే చోట్లు

తల్లిదండ్రుల రక్తం వచ్చేలోపు రెండు మూడు హెచ్చరికలు చెప్పుకోవాలి. 20 కణాల్లో ఒక్కదాంట్లో 45 కనిపించి, లేనిది ఏదో ఒక క్రోమోజోము అయితే, అది స్లయిడ్ వేసేటప్పుడు జారిపోయినదే. మూడు కణాల్లో అదే క్రోమోజోము లేకపోతే అప్పుడు ఆగి, మరిన్ని కణాలు చూడాలి.

రెండోది పీహెచ్ఏ సంగతి. టీ లింఫోసైట్ తన గ్రాహకాన్ని తయారుచేసుకోవడానికి 7, 14 క్రోమోజోముల మీద డీఎన్ఏను కోసి అతుకుతుంది. ఎప్పుడో ఒకసారి ఆ అతుకు తప్పుతుంది. అందుకే రక్తం కల్చర్‌లో ఒక్కో కణంలో 7, 14 మధ్య ట్రాన్స్‌లొకేషనో, 7లో తలకిందులైన ముక్కో కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లు పెద్ద విషయం కనిపెట్టామనుకుంటారు. ఒక్క కణంలోనే అయితే అది ఆ టీ కణం సొంత గొడవ, రోగిది కాదు.

మూడోది ఈ పద్ధతి హద్దు. ఒక మంచి పట్టీలో దాదాపు 5 నుంచి 10 మిలియన్ బేస్ జతలు ఉంటాయి. అంతకంటే చిన్న ముక్క పోతే కంటికి కనిపించదు. 22వ క్రోమోజోములో సుమారు 3 మిలియన్ బేస్ జతలు పోయే డైజార్జ్ సిండ్రోమ్ అందుకే కార్యోటైప్‌లో తప్పించుకుంటుంది, దానికి మెరిసే డీఎన్ఏ ముక్కతో వెతికే ఫిష్ అనే పరీక్ష గానీ, డీఎన్ఏ కాపీలను కొలిచే మైక్రోఅర్రే గానీ చేయాలి. అయితే మైక్రోఅర్రేకూ గుడ్డి మచ్చ ఉంది. అది సరుకు ఎంతుందో కొలుస్తుంది, ఎక్కడుందో చెప్పదు. ఈ బాబు శాంపిల్ దానికి పంపితే "21 మూడు కాపీలు" అని సరిగ్గానే వస్తుంది, కానీ అతుకు సంగతి తెలియదు. ఆ తెలియకపోవడం ఈ కుటుంబానికి ఎంత నష్టమో తల్లి కార్యోటైప్ చూస్తే అర్థమవుతుంది.

తల్లి రక్తం

అతుకు బాబులోనే కొత్తగా పుట్టి ఉండొచ్చు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి ఉండొచ్చు. తండ్రి కార్యోటైప్ మామూలుగా ఉంది. తల్లిది ఇలా వచ్చింది:

```
45,XX,der(14;21)(q10;q10)
```

ఆమెకు క్రోమోజోములు 45, అయినా పూర్తి ఆరోగ్యంగా ఉంది. 14 ఒకటి విడిగా, 21 ఒకటి విడిగా, మిగతా రెండూ కలిసి ఒకటి. పొడవు భుజాలు ఏవీ తగ్గలేదు. కలిసేటప్పుడు పోయినవి రెండు పొట్టి భుజాలు. వాటిలో ఉండే రైబోజోమల్ ఆర్ఎన్ఏ జన్యువులకు మిగతా ఎనిమిది పొట్టి భుజాల మీదా కాపీలున్నాయి కాబట్టి ఏమీ లోటు రాలేదు. ఇలాంటి రాబర్ట్‌సోనియన్ అతుకు మోసేవాళ్లు సుమారు వెయ్యి మందికి ఒకరు ఉంటారు. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

అండం తయారయ్యేటప్పుడు ఈ మూడు క్రోమోజోములు, అంటే 14, 21, ఆ అతుకు, ఒకచోట చేరి రెండు వైపులకు విడిపోవాలి. ఒకవైపు 14, 21, మరోవైపు అతుకు వెళ్తే ఒక అండం మామూలుది, ఇంకొకటి తల్లిలాగే అతుకును మోసేది. రెండూ ఆరోగ్యమైన బిడ్డనే ఇస్తాయి. అతుకుతో పాటు 21 కూడా ఒకేవైపు వెళ్తే డౌన్ సిండ్రోమ్, ఎదుటి అండంలో 21 ఉండదు. అతుకుతో 14 వెళ్తే 14 మూడవుతాయి, ఎదుటి అండంలో 14 ఉండదు. 21 లేనిది, 14 మూడున్నది, 14 లేనిది పుట్టేదాకా నిలవవు, గర్భస్రావం అవుతుంది. ఈ తల్లికి ముందు రెండుసార్లు గర్భం పోయిందని కేసు షీట్‌లో ఉంటే, దానికి కారణం ఇదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

కాగితం మీద చూస్తే నిలిచే మూడు రకాల్లో ఒకటి డౌన్ సిండ్రోమ్, అంటే మూడో వంతు అనిపిస్తుంది. వాస్తవంలో తల్లి అతుకును మోస్తే ప్రతి కాన్పుకూ అది దాదాపు 10 నుంచి 15 శాతం. తండ్రి మోస్తే ఒకటి రెండు శాతానికి మించదు. బాబుకు 21 విడిగా మూడు ఉండి, తల్లి వయసు తక్కువే అయి ఉంటే, మళ్లీ వచ్చే అవకాశం ఒక శాతం దరిదాపుల్లోనే అని చెప్పేవాళ్లం. ఒకే ముఖం, ఒకే లక్షణాలు, కుటుంబానికి చెప్పాల్సిన మాట మాత్రం పూర్తిగా వేరు. తల్లి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఈ అతుకును మోస్తూ ఉండొచ్చు, వాళ్లకూ పరీక్ష అవసరమని రిపోర్టులో రాయాలి.

తర్వాతి కాన్పులో మాయ నుంచి తీసే కోరియానిక్ విల్లస్ శాంపిల్ గానీ, ఉమ్మనీరు గానీ ల్యాబుకు వస్తే, లెక్క చూసి తొందరపడి ఫోన్ చేయకండి. ఈ ఇంట్లో బిడ్డకు 45 వచ్చి, అందులో అతుకు ఉంటే అది తల్లి లాంటి కార్యోటైప్, భయం అక్కర్లేదు. 46 వచ్చి అతుకు లేకపోతే మామూలు కార్యోటైప్. 46 వచ్చి అతుకు ఉంటే, మిగిలిన 14లూ 21లూ ఎన్నున్నాయో పట్టీ పట్టీ చూడాలి. 14 ఒకటి, 21 రెండు ఉంటే అది మళ్లీ డౌన్ సిండ్రోమే.